చంకలో, గజ్జల్లో సెగ్గడ్డలు తగ్గినట్టే తగ్గి మళ్ళీ ఎందుకొస్తున్నాయి?

నిద్రలేనివాడు

ఎవరికీ చెప్పుకోలేని బాధ కాబట్టి ఇక్కడ రాస్తున్నా. వయసు 38. ఎనిమిది నెలల్లో ఇది ఐదో సెగ్గడ్డ. మొదటిది కుడి చంకలో వచ్చింది, గోలీకాయంత ఉండేది, చెయ్యి కిందికి దించనిచ్చేది కాదు. అది పగిలి చీము పోయి తగ్గింది. నెల తిరక్కుండా ఎడమ గజ్జలో ఇంకోటి, తర్వాత తొడ లోపలివైపు, తర్వాత ఎడమ చంక, ఇప్పుడు మళ్ళీ గజ్జ. నడిస్తే ఒరుసుకుని ప్రాణం పోతోంది, రాత్రి పక్కకి తిరిగితే సలుపు.

మూడుసార్లు యాంటీబయాటిక్ వాడాను, ప్రతిసారీ ఐదు రోజులు. వాడిన వారంలో తగ్గుతుంది, నెలన్నర లోపు ఇంకోచోట మొదలు. ఒకాయన శుభ్రంగా ఉండమన్నాడు. ఆ మాట పట్టుకుని రోజుకి రెండుసార్లు యాంటీసెప్టిక్ ద్రావణం కలిపిన నీళ్ళతో స్నానం చేస్తున్నా, గరుకు పీచుతో రుద్దుతున్నా, వెంట్రుకల్లో మురికి చేరుతుందని మూడు రోజులకోసారి చంకలు రేజర్‌తో గీసుకుంటున్నా. ఇంతకంటే శుభ్రంగా మనిషి ఉండగలడా? ఒంట్లో వేడి అని కొందరు, రక్తం చెడిందని కొందరు అంటున్నారు. మా ఆవిడ ఏమీ అనదు గానీ తన టవల్ వేరే కొక్కేనికి తగిలిస్తోంది. అసలు కారణం ఏమిటో తెలిసినవాళ్ళు చెప్పండి.

లెక్కలమాస్టారు

బాబూ, ముందు సుగర్ పరీక్ష చేయించుకో. నాకు పదేళ్ళ కిందట అచ్చం ఇలాగే గజ్జల్లో వరసగా గడ్డలొస్తే పట్టించుకోలేదు, చివరికి సుగర్ అని తేలింది. రక్తంలో చక్కెర పెరిగితే క్రిములకి విందు భోజనం పెట్టినట్టే, అవి తిని బలుస్తాయి. సుగర్ తగ్గిస్తే గడ్డలు వాటంతటవే మాయం. అలాగే డియోడరెంట్ వాడుతుంటే మానెయ్యి, చెమట రంధ్రాలు మూసుకుపోయి లోపల విషం నిల్వ ఉంటుంది.

వానచినుకు

నాకూ ఒకసారి గజ్జలో గట్టిగా బిళ్ళ కట్టింది అన్నా, ముట్టుకుంటే నొప్పి. చీము లేదు, ఎర్రగా కూడా లేదు. కాలి బొటనవేలికి దెబ్బ తగిలి పుండు పడినప్పుడు వచ్చింది, పుండు మానగానే బిళ్ళ కూడా కరిగిపోయింది. మీ కాళ్ళకి ఏమైనా దెబ్బలున్నాయేమో చూసుకోండి.

పాత డ్రెస్సర్

వానచినుకు గారూ, మీకొచ్చింది వేరు, ఆయనకొచ్చింది వేరు. మీది లింఫ్ గ్రంథి వాపు. కాలి పుండులోని క్రిమిని గజ్జ దగ్గర ఆపే కాపలా గది అనుకోండి. అది చర్మం కింద లోతుగా ఉంటుంది, పైన చర్మం మామూలుగా జారుతుంది, ముక్కు కట్టదు. సెగ్గడ్డ చర్మంలోనే వెంట్రుక మొదట్లో పుడుతుంది, పైన ఎర్రగా వేడిగా నిగనిగలాడుతుంది, నాలుగైదు రోజులకి మధ్యలో పసుపుపచ్చగా ముక్కు కడుతుంది. సర్జరీ వార్డులో ఇరవై ఏళ్ళు డ్రెస్సింగులు చేశాను, ఈ రెంటినీ వేలితోనే పోల్చేవాళ్ళం.

నిద్రలేనివాడు గారూ, ఒక్క మాట అడుగుతాను. ఈ ఐదు గడ్డల్లో ఒక్కసారైనా చీము తీసి ల్యాబ్‌కి పంపారా?

నిద్రలేనివాడు

లేదండి. చీము పరీక్ష ఒకటుంటుందని కూడా నాకు తెలీదు. రక్త పరీక్ష కూడా ఎవరూ రాయలేదు. మా నాన్నకి సుగర్ ఉంది, కానీ నేను సన్నగానే ఉంటాను.

తోలు డాక్టర్

పేరు చూసి నవ్వకండి, నా పని అదే.

మీరు చెప్పిన తీరు చూస్తే ఇది ఎక్కువగా స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే క్రిమి పని. ఇది బయట మురికిలోంచి వచ్చే క్రిమి కాదు, మనుషుల మీదే కాపురం ఉంటుంది. పదిమందిలో సుమారు ముగ్గురి ముక్కులో ఏ బాధా పెట్టకుండా పడి ఉంటుంది, కొందరికి చంకల్లో, గజ్జల్లో కూడా. ముక్కులో వేలు పెట్టి, అదే చేత్తో చంక గోక్కుంటే చాలు. కానీ చర్మం తెగకుండా ఉంటే అది లోపలికి పోలేదు. వెంట్రుక మొదట్లో చిన్న గాటు పడితే అక్కడ దిగి పిల్లలు పెడుతుంది, దాన్ని చంపడానికి తెల్లకణాలు వస్తాయి, ఆ పోరులో చచ్చిన కణాలూ క్రిములూ కరిగిన కండా కలిసిందే చీము.

ఇప్పుడు మీ శుభ్రత సంగతి చూడండి. మూడు రోజులకోసారి రేజర్ అంటే మూడు రోజులకోసారి కంటికి కనపడని గాట్లు. గరుకు పీచుతో రుద్దడం అంటే చర్మం పైపొర గీరేయడం. చిక్కటి యాంటీసెప్టిక్ రోజూ రెండుసార్లు పోస్తే చర్మం ఎండి పగుళ్ళిస్తుంది. మురికి పోగొడుతున్నానని మీరు అనుకుంటున్నారు, నిజానికి తలుపులు తెరుస్తున్నారు. ముక్కులో ఉన్నదాన్ని మాత్రం మీ స్నానం తాకనే లేదు. అందుకే యాంటీబయాటిక్‌తో ఈ గడ్డ మానుతుంది, క్రిమి ముక్కులోంచో టవల్ మీద నుంచో మళ్ళీ దిగుతుంది. మీరు మురికిగా ఉన్నారని ఈ గడ్డలు రాలేదు. ఆ మాటన్న ఆయన మీకు మేలు చెయ్యలేదు.

మాస్టారు సుగర్ పరీక్ష అనడం నూటికి నూరుపాళ్ళు సరైన మాట. కారణం మాత్రం సగమే చెప్పారు. చక్కెర క్రిమికి తిండి అవడం కంటే అసలు నష్టం మన సైన్యానికి. రక్తంలో గ్లూకోజ్ బాగా ఎక్కువగా ఉన్నప్పుడు తెల్లకణాలు మందగిస్తాయి, గాయం దగ్గరికి ఆలస్యంగా చేరతాయి, చేరినా క్రిమిని మింగి చంపే శక్తి తగ్గుతుంది. మామూలుగా మొటిమ దగ్గర ఆగాల్సింది గడ్డ దాకా పోతుంది. సన్నగా ఉన్నంత మాత్రాన సుగర్ రాదని లేదు. మీ నాన్నగారికి ఉందంటున్నారు కాబట్టి తప్పకుండా చూపించుకోండి. హెచ్‌బీఏ1సీ చేయించండి, అది దాదాపు మూడు నెలల సగటు చెబుతుంది. గడ్డ చీము పట్టి ఉన్నప్పుడు ఒంటి ఒత్తిడికి ఆ రోజు సుగర్ తాత్కాలికంగా పెరగొచ్చు, అందుకే ఒక్కపూట సుగర్ చూసి తీర్పు చెప్పకూడదు. రక్తహీనత ఉంటే ఆ సగటు లెక్క కూడా తప్పొచ్చు, అదీ డాక్టరుకి చెప్పండి.

డియోడరెంట్ గురించి మాస్టారితో నేను ఏకీభవించను. అది చెమట రంధ్రాలు మూసి విషం నిల్వ చేస్తుందనేది వట్టి మాట, చెమట దారిన పోవాల్సిన విషమేదీ ఒంట్లో లేదు. తాజాగా గీసిన చర్మం మీద రాస్తే మండుతుంది, గడ్డ ఉన్నచోట రాయకూడదు, అంతే.

లెక్కలమాస్టారు

డాక్టరు గారూ, ఒప్పుకున్నాను. మరి నా విషయంలో సుగర్ అదుపులోకి వచ్చాక గడ్డలు ఆగాయి కదా, దానికేమంటారు?

తోలు డాక్టర్

అది నిజమే మాస్టారూ, మీ సైన్యం కోలుకుంది. కానీ అదుపులోకి వచ్చిన వారానికే ఆగలేదు అనుకుంటాను, కొన్ని నెలలు పట్టి ఉంటుంది. క్రిమి ఇప్పటికీ మీ ముక్కులో ఉండి ఉండొచ్చు, గెలవలేకపోతోంది.

లెక్కలమాస్టారు

నాలుగైదు నెలలు పట్టింది, నిజమే.

ల్యాబ్‌గది

చీము పరీక్ష గురించి నా వంతు. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే చీము తీయించండి. మందు పడ్డాక పంపితే చాలాసార్లు ఏమీ పెరగదు, రిపోర్టులో "పెరుగుదల లేదు" అని వస్తుంది, రోగి ఏమో నాకు క్రిమే లేదనుకుంటాడు. పైన ఎండిన రసిని దూదితో తుడిచి పంపినా లాభం లేదు, అందులో చర్మం మీది మామూలు క్రిములే పెరుగుతాయి. గడ్డ కోసినప్పుడు లోపలి చీము తీసి పంపాలి. రెండు మూడు రోజుల్లో ఏ క్రిమి, ఏ మందుకి లొంగుతుంది, దేనికి లొంగదు అన్నది తెలుస్తుంది. మొండి రకం ఉందో లేదో కూడా అక్కడే బయటపడుతుంది, మెథిసిలిన్ జాతి మందులకి లొంగని దాన్ని ఎమ్మార్‌ఎస్‌ఏ అంటారు, ఆ అక్షరాలు రిపోర్టులో కనబడితే గుండె జారిపోనక్కర్లేదు, దానికి వేరే మాత్రలున్నాయి.

మూడోకప్పు

నేను కాస్త అడ్డం వస్తున్నా, క్షమించండి. చదువుతుంటే నా కథలాగే ఉంది గానీ ఒక తేడా ఉంది. నాకు 19 ఏళ్ళప్పుడు మొదలైంది, ఇప్పుడు 31. ఎప్పుడూ రెండు చంకలూ, రొమ్ముల కింద, గజ్జలు, అవే చోట్ల. ఒకటి మానకముందే పక్కనే ఇంకోటి. కొన్ని పగిలిన చోట మానకుండా సన్నగా కారుతూనే ఉంటాయి, లోపల తాడులాగా చేతికి తగులుతుంది. మచ్చలు తాళ్ళు కట్టినట్టు బిగిసి చెయ్యి పూర్తిగా పైకి లేవదు. చీము పరీక్ష రెండుసార్లు చేయించాను, ఏమీ పెరగలేదన్నారు. సుగర్ లేదు. ఎన్ని సబ్బులు మార్చానో లెక్కలేదు. పన్నెండేళ్ళుగా "సరిగ్గా స్నానం చెయ్యమ్మా" అన్న మాటే వింటున్నా.

తోలు డాక్టర్

మూడోకప్పు అమ్మా, మీరు అడ్డం రాలేదు, ఈ చర్చకి చాలా అవసరమైన మాట చెప్పారు. మీరు చెప్పింది మామూలు సెగ్గడ్డలా లేదు. హైడ్రాడెనైటిస్ సప్పురటైవా అనే జబ్బు ఉంది, పేరు నోరు తిరగదు. అది పైనుంచి క్రిమి దిగి వచ్చేది కాదు. చర్మం మడత పడే చోట వెంట్రుక గొట్టం లోపలే మూసుకుపోయి, ఉబ్బి, కండలో పగిలి, ఒళ్ళు దానిమీద మంటతో విరుచుకుపడుతుంది. యుక్తవయసు తర్వాత మొదలవుతుంది, అవే చోట్ల తిరిగి తిరిగి వస్తుంది, చర్మం కింద సొరంగాలు ఏర్పడతాయి. మీరు తాడులాగా తగులుతుందన్నది బహుశా అదే. దగ్గరగా చూస్తే ఒకే చోట జంట నల్లచుక్కలు ఉంటాయి, రెండు నోళ్ళున్న బ్లాక్‌హెడ్‌లాగా. అవి ఉన్నాయా?

చీములో క్రిమి పెరగకపోవడం, లేదా రకరకాల క్రిములు కలగాపులగంగా పెరగడం ఈ జబ్బులో మామూలే. దీన్ని గుర్తించడానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టడం కూడా మామూలే అవడం మా వృత్తికి సిగ్గుచేటు. చూడకుండా ఇదేనని నేను తేల్చి చెప్పలేను, చర్మ డాక్టరుకి ఒకసారి చూపించి ఈ పేరు మీరే అడగండి. దీనికి వారం రోజుల మందు చాలదు. టెట్రాసైక్లిన్ జాతి మాత్రలు నెలల తరబడి, పైపూతగా క్లిండమైసిన్, ముదిరితే అడలిముమాబ్ ఇంజెక్షన్లు, సొరంగాలకి ఆపరేషన్, ఇలా వేరే దారి. సిగరెట్ తాగే వాళ్ళలో, బరువు ఎక్కువున్న వాళ్ళలో ఇది ఎక్కువ కనిపిస్తుంది. ఈ జబ్బున్నవాళ్ళలో సుగర్ కూడా మిగతావాళ్ళకంటే ఎక్కువే, అందుకని ఏడాదికోసారి ఆ పరీక్ష మానకండి.

మూడోకప్పు

జంట చుక్కలు ఉన్నాయి. కుడి చంకలో మూడు చోట్ల. అవి మామూలు బ్లాక్‌హెడ్స్ అనుకుని గిల్లేదాన్ని.

పాత డ్రెస్సర్

గిల్లకమ్మా. ఇది అందరికీ కూడా. గడ్డ పండకముందు నొక్కితే చీము బయటికి వచ్చే దారి లేక పక్క కండలోకి పోతుంది. చేయదగింది ఏమిటంటే, శుభ్రమైన గుడ్డని ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో ముంచి పిండి, పది పదిహేను నిమిషాలు కాపడం, రోజుకి మూడు నాలుగుసార్లు. కొన్ని దాంతోనే పగిలిపోతాయి. మెత్తబడి నీళ్ళ సంచిలా ఊగుతుంటే మాత్రం కోయించాల్సిందే. చీము నిండిన సంచిలోకి మందు సరిగ్గా చేరదు, మాత్రలు మింగి కూర్చుంటే లాభం లేదు. కోశాక లోపల చిన్న గదులు గదులుగా ఉంటే వేలితోనో పరికరంతోనో వాటిని కలిపి ఖాళీ చేయాలి, ఒక్క గది మిగిలినా మళ్ళీ నిండుతుంది. పైకి మానినట్టే కనిపించి వారంలో అదే చోట ఉబ్బితే నేనైతే దాన్ని కొత్త గడ్డ అనను, పాతదే ఖాళీ కాలేదంటాను.

ఇంకొక్కటి చెప్పి ఊరుకుంటాను. సుగర్ ఉన్నాయన ఒకరు గజ్జలో గడ్డని సిగ్గుపడి నాలుగు రోజులు దాచి పెట్టుకుని వార్డుకొచ్చారు. పైకి చిన్నగానే ఉంది, నొప్పి మాత్రం గడ్డకి పదింతలు, మంచం మీద మెలికలు తిరుగుతున్నారు. జ్వరం. సాయంత్రానికి వృషణాల సంచి దాకా ఎర్రదనం పాకింది, మధ్యలో చర్మం బూడిదరంగు తిరిగి తర్వాత నల్లబడింది, నొక్కితే కరకరమంది. ఆ రాత్రే ఆపరేషన్, చచ్చిన కండంతా తీసేశారు, బతికారు గానీ రెండు నెలలు నా డ్రెస్సింగుల్లో ఉన్నారు. కనబడే దానికి మించిన నొప్పి, గంటగంటకీ పాకే ఎరుపు, చర్మం రంగు మారడం, మొద్దుబారడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు.

కాలినడక

మరి సుగర్ లేనివాడికి ఎందుకు వస్తాయండీ? నా హెచ్‌బీఏ1సీ 5.3. ఏడాదిలో నాలుగు గడ్డలు, అన్నీ గజ్జల చుట్టూనే. వారాంతాల్లో నాలుగైదు గంటలు సైకిల్ తొక్కుతాను. రాసుకుపోయిన చోట ఎర్రగా ఉంటే దురదకీ మంటకీ కలిపి పనిచేసే క్రీమ్ ఒకటి రాస్తుంటాను, వెంటనే చల్లబడుతుంది.

తోలు డాక్టర్

పదే పదే సెగ్గడ్డలొచ్చేవాళ్ళలో చాలామందికి సుగర్ ఉండదు. ఉందేమో చూడాలి, ఉండి తీరాలని లేదు. మీకు తడి గుడ్డ, రాపిడి, సీటు ఒత్తిడి, ఇవే చాలు. నాకు అనుమానం మీ క్రీమ్ మీద. ట్యూబు మీద పేర్లు చదవండి, క్లోబెటాసాల్ అనో బీటామెథాసోన్ అనో ఉంటే అది స్టెరాయిడ్. వెంటనే చల్లబడేది అందుకే. గజ్జల్లో చర్మం పల్చన, మడతలో మందు ఇంకా లోతుకి పోతుంది, నెలల తరబడి రాస్తే చర్మం ఇంకా పల్చబడి ఆ చోట రక్షణ దెబ్బతింటుంది. తామర ఉంటే అది కూడా లోపల్లోపల పాకుతుంది.

కాలినడక

చూశాను. క్లోబెటాసాల్ ఉంది. మూడేళ్ళుగా రాస్తున్నా సార్.

నిద్రలేనివాడు

పదకొండు రోజుల తర్వాత వస్తున్నా. గడ్డ కోయించాను, చీము పంపించాను, రక్తం ఇచ్చాను. హెచ్‌బీఏ1సీ 8.4. పరగడుపు సుగర్ 171. రెండో రోజు మళ్ళీ చేసినా 166. 6.5 గానీ ఆపైన గానీ ఉంటే సుగరేనట, పరగడుపున 126 గానీ ఆపైన గానీ ఉన్నా అంతేనట. రాత్రి మూడుసార్లు లేవడం, నోరెండడం వేసవి అనుకున్నా.

చీములో స్టెఫిలోకాకస్ ఆరియస్. ఎమ్మార్‌ఎస్‌ఏ కాదు. కానీ నేను మూడుసార్లూ వాడిన అమాక్సిసిలిన్‌కి అది లొంగదని రాశారు. అలాంటప్పుడు మూడుసార్లూ ఎలా తగ్గింది?

ల్యాబ్‌గది

మొదటి గడ్డలాగే మిగతా రెండుసార్లూ పగిలే ఉంటుంది. చీము పోయింది కాబట్టి తగ్గింది, పేరు మందుకి వచ్చింది. ఈ క్రిమి పెన్సిలిన్‌ని విరిచేసే ఎంజైమ్‌ని తయారుచేసుకుంటుంది, ఒట్టి అమాక్సిసిలిన్ దీని మీద పనిచేయకపోవడం మాకు రోజూ కనిపించేదే.

తోలు డాక్టర్

ఇప్పుడు దారి తెలిసింది. సుగర్ మందులు మీ డాక్టరు చూసుకుంటారు. క్రిమిని ఒంటిమీంచి తగ్గించే పని ఈ గాయం ఎండాక మొదలుపెట్టండి, చీము కారుతుండగా చేస్తే వృథా. మీ డాక్టరుతో మాట్లాడి చేయండి. మామూలుగా చేసేది ఇదీ: 2 శాతం ముపిరోసిన్ ఆయింట్‌మెంట్ అగ్గిపుల్ల తలంత తీసుకుని రెండు ముక్కు రంధ్రాల్లోనూ ముందు భాగంలో రాసి ముక్కు నొక్కి వదలడం, పొద్దున సాయంత్రం, ఐదు రోజులు. అవే ఐదు రోజులు 4 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో స్నానం, మెడ కింది నుంచి. ఒంటికి పట్టించి ఒకటి రెండు నిమిషాలు ఉంచి కడగాలి, చాలామంది రాసిన వెంటనే కడిగేస్తారు. కళ్ళల్లోకీ చెవుల్లోకీ పోకూడదు. తుడుచుకునే టవల్, లోదుస్తులు, దిండు గలీబు ఆ ఐదు రోజులూ రోజూ మార్చి వేడి నీళ్ళలో ఉతకండి, లేకపోతే ముక్కు శుభ్రమై టవల్ మీది క్రిమి మళ్ళీ ఎక్కుతుంది. రేజర్ పారేయండి, వెంట్రుకలు కావాలంటే కత్తెరతో కురచ చేసుకోండి. పీచు కూడా పారేయండి. ఐదు రోజుల తర్వాత మామూలు సబ్బు, రోజుకి ఒక స్నానం.

మీ ఆవిడ టవల్ వేరే కొక్కేనికి తగిలించడం గురించి మనసు కష్టపెట్టుకోకండి. తెలియకపోయినా సరైన పనే చేస్తున్నారు.

నిద్రలేనివాడు

ఆ మాట ఆవిడకి చదివి వినిపించాను. "చూశారా" అంది.

లెక్కలమాస్టారు

నాదో సందేహం. ఈమధ్య నా సుగర్‌కి మూత్రంతో చక్కెర బయటికి పంపే మాత్ర మార్చారు. అప్పట్నించీ కింద దురద, తెల్లగా పొర. ఇది కూడా గడ్డలకి దారితీస్తుందా?

తోలు డాక్టర్

అది ఎక్కువగా ఫంగస్, ఆ మాత్రల జాతికి తెలిసిన ఇబ్బందే. పూతతో తగ్గుతుంది. పాత డ్రెస్సర్ గారు చెప్పారే, నల్లబడిన గజ్జ, అలాంటిది ఈ మాత్రలతో చాలా అరుదుగా వస్తుందని 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించింది. అరుదు అన్న మాట మర్చిపోవద్దు, మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. దురద సంగతి మాత్రం ఈ వారమే మీ డాక్టరుకి చెప్పండి.

నిద్రలేనివాడు

పది వారాల తర్వాత. ఆ ఐదు రోజుల కోర్సు మొదటిసారి చెడగొట్టాను, మూడో రోజుకే బద్ధకించాను, రెండోసారి పూర్తిగా చేశాను. అప్పటినుంచి పెద్ద గడ్డ లేదు. గత వారం తొడమీద చిన్న మొటిమ వచ్చి రెండు రోజులు కాపడానికే పోయింది. పరగడుపు సుగర్ ఇప్పుడు 118 దగ్గర ఆడుతోంది.

కొత్త చిక్కు ఏంటంటే మా తొమ్మిదేళ్ళ వాడికి పిరుదు మీద గడ్డ లేచింది. నా దగ్గర్నుంచే అంటుకుందా? ఇంటిల్లిపాదీ ముక్కుకి మందు రాయాలా? మా డాక్టరు వాడికి మాత్రం చాలన్నారు, మా ఆవిడ అందరం చేద్దామంటోంది.

తోలు డాక్టర్

ఒకే క్రిమి ఇల్లంతా తిరగడం జరిగేదే, ఎవరి నుంచి ఎవరికి అన్నది చెప్పలేం. ఇక్కడ మేం డాక్టర్లమే ఒక మాట మీద లేం. అందరూ కలిసి చేస్తే తర్వాతి నెలల్లో గడ్డలు తగ్గుతాయని చూపించిన పరిశోధన ఉంది, క్రిమి ఇంట్లోంచి పూర్తిగా పోతుందన్న హామీ మాత్రం లేదు, అవసరం లేనివాళ్ళకి రాస్తే ముపిరోసిన్‌కి క్రిమి మొండికేసే ప్రమాదం కూడా ఉంది. ఇద్దరికి గడ్డలొచ్చిన ఇల్లు కాబట్టి నేనైతే మీ ఆవిడ పక్షం. మీ డాక్టరు మాటకీ కారణం ఉంది.

ల్యాబ్‌గది

ముందు బాబుది కూడా చీము పంపండి. రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూస్తే, మందులకి లొంగే తీరు ఒకేలా ఉంటే అదే క్రిమి అనుకోవడానికి కొంత ఆధారం.

మూడోకప్పు

ఇక్కడ రాసిన పేరు కాగితం మీద రాసుకుని వెళ్ళాను. ఆవిడ చంక చూసి రెండు నిమిషాల్లో అదే అంది. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టింది, మూడు నెలల తర్వాత చూసి సొరంగాల సంగతి ఆలోచిద్దామంది. ఆవిడ స్నానం గురించి ఒక్కమాట అడగలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, ఎందుకో తెలీదు.

కాలినడక

క్రీమ్ ఆపి నెలయింది. మొదటి రెండు వారాలు చర్మం మండిపోయింది, ఉండబట్టలేక రెండుసార్లు రాశాను కూడా. గడ్డలైతే లేవు గానీ ఎర్రదనం ఇంకా ఉంది. ఇది ఎన్నాళ్ళకి పోతుందో ఎవరికైనా అనుభవం ఉందా?